వంటమనిషికి నెల జీతం ఎంత? నిమిషాల నుంచి లెక్క కట్టే పద్ధతి

కొత్త వంటమనిషితో మాట మొదలుపెట్టగానే ముందుగా వచ్చే ప్రశ్న "ఇంట్లో ఎంతమంది?" అని. జవాబు చెప్పగానే ఆమె ఒక అంకె చెబుతుంది, మనం కొంచెం తగ్గిస్తాం, ఎక్కడో ఒకచోట కుదురుతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చి ఉండటం మొదలయ్యాక, వంట చేసే అక్క జీతం పెంచమంది. "పెరిగింది ఇద్దరే కదక్కా, ఇంకాస్త ఎక్కువ వండితే సరిపోదా?" అన్నాను. "గిన్నె పెద్దదైతే నాకేం ఇబ్బంది లేదమ్మా. ఇప్పుడు గిన్నెలు ఎక్కువయ్యాయి" అంది.

ఆమె చెప్పింది నిజమో కాదో చూద్దామని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ రోజు తేలిన పద్ధతే ఇది. ఇందులో జీతాన్ని తలల నుంచి కాకుండా నిమిషాల నుంచి లెక్క కడతాం. తలలు, పనులు అన్నీ ఆ నిమిషాల్లోకే వచ్చి చేరతాయి.

ముందు "వంట" అంటే ఏమిటో రాయండి

"రెండు పూటలా వంట" అని ఒప్పుకున్న ఇళ్లలోనే గొడవలు ఎక్కువ. ఆ రెండు మాటల్లో ఏముందో ఇద్దరూ వేర్వేరుగా అనుకుంటారు. కూరగాయలు కడిగి తరగడం ఎవరి పని? వండిన గిన్నెలు ఆమె తోముతుందా, సింక్‌లో వేసి వెళ్తుందా? తిన్న కంచాల సంగతేమిటి? పొయ్యి, గట్టు తుడవడం, పిల్లల డబ్బాలు సర్దడం, మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టడం, సరుకులు అయిపోతే చెప్పడం వంటివన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. కూరగాయలు మీరు తరిగి పెట్టే ఇంటికీ ఆమే తరిగే ఇంటికీ రోజుకు పావుగంట తేడా వస్తుంది. ఆ పావుగంటే నెలకు ఆరున్నర గంటలు.

కాబట్టి ఒక కాగితం మీద ఉదయం వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా చేసే పనులు వరుసగా రాయండి. సాయంత్రానికి మరో వరుస. ఆమె చేయనక్కర్లేనివి కూడా కింద రాయండి. "తిన్న కంచాలు మేమే తోముకుంటాం" అన్న ఒక్క వాక్యం తర్వాత వచ్చే చాలా గొడవల్ని తప్పిస్తుంది.

వారం రోజులు సమయం చూడండి

గడియారం పట్టుకుని ఆమె వెనక నిలబడొద్దు. అది అవమానం, పైగా ఎవరైనా చూస్తుంటే పని వేగం మారిపోతుంది. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఆ రోజు ఎంతమందికి ఏం వండిందీ రాసుకుంటే చాలు. ఎందుకు రాస్తున్నారో ఆమెకు ముందే చెప్పండి. ఆమె కూడా తన లెక్క చెబుతుంది, చాలాసార్లు మన లెక్క కంటే అదే సరిగ్గా ఉంటుంది.

వారం తర్వాత ఆ కాగితం చూస్తే సమయంలో రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి ఎంతమంది ఉన్నా మారనిది: సామాన్లు తీయడం, పొయ్యి వెలిగించడం, పోపు వేయడం, ఉడికేదాకా ఆగడం, గట్టు తుడవడం. రెండోది తలకింత చొప్పున పెరిగేది. ఈ రెండింటినీ విడదీయడం కష్టమేమీ కాదు. ఒక పూట ముగ్గురికి వండినప్పుడు 60 నిమిషాలు, దాదాపు అదే వంట ఐదుగురికి వండినప్పుడు 76 నిమిషాలు పట్టిందనుకోండి. ఇద్దరు పెరిగితే 16 నిమిషాలు పెరిగాయి, అంటే తలకు 8. ముగ్గురి వాటా 24 నిమిషాలు తీసేస్తే మిగిలే 36 నిమిషాలు ఎవరూ తగ్గించలేని సమయం. ఇద్దరే ఉన్న ఇంటివాళ్లు "మేం ఇద్దరమే కదా, సగం జీతం చాలదా?" అన్నప్పుడు వంటమనిషికి గిట్టుబాటు కానిది ఈ 36 నిమిషాల వల్లే.

తలకు ఎన్ని నిమిషాలన్నది వండే రకాన్ని బట్టి బాగా మారుతుంది. ఒకే గిన్నెలో ఉడికేవాటికి మనుషులు పెరిగినా సమయం పెద్దగా పెరగదు. రొట్టెలు, అట్లలా ఒక్కొక్కటిగా కాల్చేవి మాత్రం మనిషికి మూడు నాలుగు చొప్పున నేరుగా పెరుగుతూ పోతాయి. మా ఇంటి కాగితంలో ఎక్కువ సమయం పట్టిన రోజులన్నీ అలాంటివే. ఇక ఒకరికి ఉప్పు తక్కువ, ఒకరికి కారం లేకుండా అని విడిగా వండే ప్రతి వంటకమూ తలల లెక్కలోకి రాదు. అది కొత్త గిన్నె, దానికి కొత్తగా స్థిర సమయం. అక్క చెప్పిన మాట ఇదే.

రోజు నుంచి నెలకు

రోజు నిమిషాలను 30తో గుణించకండి. వారానికి ఒక సెలవు ఇస్తే ఏడాదికి 365 రోజుల్లో 52 పోతాయి, 313 పనిదినాలు మిగులుతాయి. 12తో భాగిస్తే నెలకు 26 రోజులు. వారానికి ఒక రోజు సెలవన్నది దయ కాదు. ఇంటి పని చేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలంటుంది. ఆ ఒప్పందం మీ దేశంలో అమల్లో ఉందో లేదో వేరే సంగతి, కొలతగా వాడుకోవడానికి మాత్రం మంచిది.

జీతాన్ని 26 రోజుల మీద కట్టారు కాబట్టి సెలవు రోజున పిలిచి పని చేయించుకుంటే ఆ రోజుకు నెల జీతంలో 26వ వంతు, పైన ఇంకొంత ఇవ్వాలి. చాలామంది ఈ చోట 30వ వంతు ఇస్తారు. అది తక్కువ చెల్లించడమే. ఆమె నాగా పెడితే కోసేటప్పుడు 26వ వంతు, ఎక్కువ పనికి ఇచ్చేటప్పుడు 30వ వంతు లెక్కేసే ఇళ్లూ నాకు తెలుసు.

గంట రేటు ఎంత?

అసలు చిక్కు ఇక్కడే. పక్కింటివాళ్లు ఎంత ఇస్తున్నారని అడగడం అలవాటు. కానీ నెల జీతాలను నేరుగా పోల్చితే ఏమీ తెలియదు. ఒక ఇంట్లో నెలకు 6,000, రోజుకు గంట పని. ఇంకో ఇంట్లో 9,000, రోజుకు మూడు గంటల పని. పైకి రెండో ఇల్లే ఎక్కువ ఇస్తున్నట్టు ఉంటుంది. గంటకు చూస్తే మొదటిది సుమారు 230, రెండోది 115. కాబట్టి జీతంతో పాటు గంటలు కూడా అడగండి, భాగించి చూడండి, నాలుగైదు ఇళ్లవి రాసుకోండి. (ఇక్కడి అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ డబ్బు, మీ చోటి రేట్లు పెట్టుకుని చేసుకోండి.)

ఆ తర్వాత ఒక కింది హద్దు కావాలి. మీ ప్రాంతంలో ఇంటి పనికి చట్టం ప్రకారం కనీస వేతనం ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. లేకపోతే నైపుణ్యం అక్కర్లేని పనులకు ప్రకటించిన కనీస వేతనం తీసుకోండి. అది నెలకు 20,800 అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులంటే 208 గంటలు, అంటే గంటకు 100.

ఇక్కడ ఆగిపోతే మాత్రం తప్పు చేసినట్టే. కార్ఖానాలో చేసే మనిషి ఒక్కసారి వెళ్తే 8 గంటల జీతం వస్తుంది. నాలుగిళ్లలో చేసే మనిషికి అలా రాదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడవాలి. ఆ ఇంటివాళ్లు ఇంకా లేవకపోతే గుమ్మం దగ్గర ఆగాలి. రెండో ఇంటి వేళ మొదటి ఇంటి వేళకు అతకకపోతే మధ్యలో అరగంట ఉత్తిగా పోతుంది. ఇంటి నుంచి బయటికి వచ్చిన 8 గంటల్లో జీతం వచ్చేవి 6 గంటలే అనుకోండి. అప్పుడు నెలకు 20,800 రావాలంటే ఆ 156 గంటల మీదే రావాలి. 20,800ను 156తో భాగిస్తే 133. అంటే పార్ట్‌టైమ్ పనికి అసలైన కింది హద్దు 100 కాదు, 133. మీ దగ్గర చేసే ఆమె రోజు ఎలా గడుస్తుందో ఆమెనే అడిగి ఈ భాగహారం చేయండి. 8లో 7 గంటలు దొరికితే హద్దు 114కు దిగుతుంది, 5 గంటలే దొరికితే 160కి ఎక్కుతుంది. పక్కిళ్లలో 115 ఇస్తున్నారని తేలినా మీ లెక్కలో హద్దు 133 అయితే 133 కిందికి పోకండి.

వంట నైపుణ్యం ఉన్న పని కాబట్టి దానిమీద ఇంకొంత కలపాలి. ఎంత అన్నది మీరు రాసుకున్న నాలుగైదు ఇళ్ల గంట రేట్లలో వంటకూ ఊడ్చి తుడిచే పనికీ ఉన్న తేడా చూస్తే తెలిసిపోతుంది. మన ఉదాహరణలో 150 అనుకుందాం.

ఒక ఇంటి లెక్క మొత్తం

నలుగురున్న ఇల్లు. ఉదయం అల్పాహారం, మధ్యాహ్న భోజనం, డబ్బాలు సర్దడం. సాయంత్రం రాత్రి భోజనం. తరగడం ఆమెదే, తిన్న కంచాలు ఆమెవి కావు. వారం రాసుకుంటే ఉదయం స్థిర సమయం 50 నిమిషాలు, తలకు 6, మొత్తం 74 అయింది. సాయంత్రం స్థిర సమయం 30, తలకు 5, మొత్తం 50. వండిన గిన్నెలు తోమి, గట్టు తుడవడానికి ఇంకో 11. మొత్తం 135 నిమిషాలు, అంటే రెండుంబావు గంటలు. 26 రోజులకు 58.5 గంటలు. గంటకు 150 చొప్పున 8,775.

సాయంత్రం రాక సంగతి విడిగా చూడాలి. ఉదయం ఆమె ఇంకో రెండిళ్లు కూడా చేసుకుని పోతుంది, ఆ నడక అంతా 133 లెక్కలోనే పోయింది. సాయంత్రం మాత్రం మా ఒక్క ఇంటి కోసమే వస్తుంది, పోను రాను 20 నిమిషాలు. నెలకు 8.67 గంటలు. ఇది వంట కాదు కాబట్టి దీనికి 100 చొప్పునే వేస్తే 867. అంతా కలిపి 9,642. చిల్లర లెక్కలు మనకెందుకని 9,650 అనుకోవచ్చు. ఆమెకు సాయంత్రం కూడా అదే వీధిలో ఇంకో ఇల్లు ఉంటే ఈ 867 అక్కర్లేదు. ఒకే నడకకు రెండుసార్లు లెక్క వేయకూడదు.

ఇప్పుడు పెద్దవాళ్లు ఇద్దరు వచ్చారు. తలల ప్రకారం ఉదయం 12, సాయంత్రం 10, కలిపి 22 నిమిషాలు పెరిగాయి. వాళ్లకు ఉప్పు తక్కువగా, మెత్తగా విడి వంట. దానికి ఉదయం 15, సాయంత్రం 10, మొత్తం 25. రెండూ కలిపి రోజుకు 47 నిమిషాలు, నెలకు దాదాపు 20.4 గంటలు. 150 చొప్పున 3,055. కొత్త జీతం సుమారు 12,700.

ఈ 3,055లో తలల వాటా 1,430. విడి వంట వాటా 1,625. అక్క మాట నిజమే అయింది, పెరిగిన మనుషుల కంటే పెరిగిన గిన్నెలకే ఎక్కువ డబ్బు పడుతోంది. నలుగురు ఆరుగురయ్యారు కదా అని ఒకటిన్నర రెట్లు చేసినా తప్పే. వంట జీతం 8,775 కాస్తా 13,000 దాటేది, నిజంగా పెరిగిన పని 35 శాతమే. "ఇద్దరే కదా" అని ఏమీ పెంచకపోతే ఇంకా పెద్ద తప్పు. అదే 8,775కు ఆమె దాదాపు 79 గంటలు చేస్తుంది, గంట రేటు 150 నుంచి 111కు పడిపోతుంది. జీతం కోశామని మనకు అనిపించదు కానీ జరిగింది అదే.

మా ఇంట్లో ఈ లెక్క ముందు పెట్టుకున్నాక పెద్దవాళ్ల విడి వంట ఒక పూటకే పరిమితం చేశాం. రెండో పూట అందరూ ఉప్పు తక్కువే తింటున్నాం. మొదట్లో పిల్లలు గొణిగారు, ఇప్పుడు అలవాటైపోయింది. జీతం భారమనిపిస్తే తగ్గించాల్సింది రేటును కాదు, పనిని.

ఊడ్చే పని, అంట్ల పని, ఇంట్లోనే ఉండే మనిషి

ఇల్లు ఊడ్చి తుడవడానికి మనుషుల లెక్క దాదాపు పనికిరాదు. ఎన్ని గదులు, ఎన్ని స్నానాల గదులు, ఎంత సామాను జరపాలి అన్నదే సమయాన్ని నిర్ణయిస్తుంది. అంట్లు మాత్రం తలలతో పాటు పూటలతోనూ పెరుగుతాయి. రాత్రి గిన్నెలు ఎండిపోయి పొద్దున తోమేవైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, నానబెట్టి ఉంచితే తగ్గుతుంది. బట్టల విషయంలో చేత్తో ఉతకడమా, మెషిన్‌లో వేసి ఆరేయడమా అన్నది ముందే తేల్చుకోండి. పద్ధతి మాత్రం అదే, వారం రాసుకుని నిమిషాల నుంచి రావడమే. ఇరవై నిమిషాల పనికి రోజూ రమ్మంటే ఇరవై నిమిషాల లెక్క కట్టకండి. వచ్చిపోయే శ్రమ పనిని మించిపోతుంది. ఒక్క రాకకు కనీసం అరగంట అయినా లెక్కించడం నా అలవాటు.

ఇంట్లోనే ఉండి చేసే మనిషికి చిక్కు వేరు. పనులు చూస్తే ఐదారు గంటలే కనిపిస్తాయి, కానీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేవాలి. పిలుపు కోసం అందుబాటులో ఉంటూ, తన ఇష్టానికి వాడుకోలేని సమయాన్ని పని గంటలుగానే చూడాలని ఆ 189వ ఒప్పందమే అంటుంది, ఎంతవరకన్నది ఆయా దేశాల చట్టాలకు వదిలింది. కాబట్టి రోజులో ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఆమె సమయం పూర్తిగా ఆమెదో ముందు తేల్చండి. మిగిలినదే పని సమయం. భోజనం, గది ఇస్తున్నామని జీతంలో పెద్ద కోత పెట్టడం కూడా సరికాదు. రాత్రి పిలిస్తే పలకడానికే ఆమె అక్కడ ఉంటోందంటే ఆ గది మన అవసరానిది.

రాసుకోవాల్సినవి, మళ్లీ చూడాల్సిన వేళ

కాగితం మీద నాలుగు సంగతులు చాలు: ఏ పనులు, రోజుకు ఎన్ని నిమిషాలు, గంటకు ఎంత, నెల జీతం ఏ తారీఖున. దానికింద జీతం కోయకుండా ఇచ్చే సెలవులు ఎన్నో రాయండి. ఆమెకు చదవడం రాకపోతే చదివి వినిపించి, ఒక ఫొటో ఆమె ఫోన్‌లోకి పంపండి, ఇంట్లోవాళ్లకు చూపించుకుంటుంది. చుట్టాలు వచ్చినప్పటి లెక్క కూడా అప్పుడే చెప్పుకోవడం మేలు. తలకు 11 నిమిషాలని తెలుసు కాబట్టి ముగ్గురు చుట్టాలు నాలుగు రోజులుంటే 132 నిమిషాలు. గంటకు 150 చొప్పున 330. విడి వంటకాలు చేయిస్తే వాటి సమయం వేరు. చుట్టాలు వెళ్లేటప్పుడు చేతిలో పెట్టిపోయేది ఈ లెక్కలోకి రాదు, అది వాళ్లిష్టం.

మీరు ఊరెళ్లిన రోజులకు జీతం కోయొద్దు. ఆ వేళను ఆమె ఇంకెవరికీ ఇచ్చుకోలేదు, మీ కోసమే ఖాళీగా ఉంచింది. అడ్వాన్స్ ఇస్తే జీతం కాగితం మీద కాకుండా వేరే కాగితం మీద రాయండి, నెలకు ఎంత పట్టుకోవాలో ఆమెనే చెప్పనివ్వండి. జీతంలో అడ్వాన్స్ కలిసిపోతే రెండు నెలల తర్వాత ఎవరికీ సరైన అంకె గుర్తుండదు, మాటా మాటా పెరుగుతుంది.

ఇంట్లో మనిషి పెరిగినా తగ్గినా, కొత్త పని చేరినా ఆ నెలలోనే నిమిషాలు మళ్లీ చూడండి. ఏమీ మారకపోయినా కనీస వేతనం సవరించినప్పుడల్లా గంట రేటు మార్చండి. లెక్క తప్పిందని కాగితం కంటే ముందు పని చెబుతుంది. ఒప్పుకున్న వేళ కంటే రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్తుంటే నిమిషాలు తక్కువ రాసుకున్నట్టు. వేళకే వెళ్తోంది కానీ గట్టు తుడవడం మానేసింది, తరిగే ముక్కలు పెద్దవయ్యాయి అంటే ఆమె తన రేటును తానే సరిచేసుకుంటోందన్నమాట. అలాంటప్పుడు మందలించే ముందు ఒక వారం మళ్లీ రాసి చూడండి. మా ఇంట్లో రెండోసారి రాసినప్పుడు తేలింది, పిల్లల డబ్బాలు రెండు నుంచి నాలుగయ్యాయని. నేను గమనించనే లేదు, వాళ్లకు బడిలో సాయంత్రం క్లాసులు పెట్టింది అప్పటికి రెండు నెలల కిందటే.